బెజవాడ గోడౌన్ నుంచి గుంటూరుకి సరుకు తెప్పించుకోవాలి: ఇండెంట్ ఎలా రాస్తే అడిగిన బ్యాచ్, అడిగిన రోజుకి వస్తుంది?

ఏటుకూరురోడ్_స్టోర్స్ · 6 మే 2026, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది మందుల హోల్‌సేల్. పెద్ద గోడౌన్ బెజవాడ గొల్లపూడిలో ఉంది, చిన్నది గుంటూరు ఏటుకూరు రోడ్డులో. గుంటూరుది నేను చూసుకుంటాను.

పోయిన నెల ఒక నర్సింగ్ హోమ్ ఆర్డర్ కోసం బెజవాడకి వాట్సాప్‌లో "ఓఆర్‌ఎస్ 10 పంపండి, శుక్రవారం, అర్జెంట్" అని పెట్టాను. నా లెక్కలో అవి 10 పెట్టెలు. అక్కడ 10 బాక్సులు అనుకున్నారు. మా దగ్గర పెట్టెకి 40 బాక్సులు, బాక్సుకి 25 ప్యాకెట్లు. అంటే 10,000 ప్యాకెట్లు రావాల్సింది, 250 వచ్చాయి. అవి కూడా శుక్రవారం సాయంత్రం ఐదింటికి అక్కడ బండెక్కాయి. ఇక్కడికి చేరేసరికి హమాలీలు లేరు. ఆర్డర్ పోయింది, మాట కూడా పోయింది.

ఇప్పుడు ఇంకో ఆర్డర్ వచ్చింది. ఒక ఆసుపత్రికి 14వ తేదీ గురువారం ఉదయం 18 పెట్టెలు ఇవ్వాలి. వాళ్ళు రెండు షరతులు పెట్టారు. ఇచ్చే రోజుకి ఎక్స్‌పైరీ కనీసం 12 నెలలు మిగిలి ఉండాలి. రెండు బ్యాచ్‌లకి మించి కలపకూడదు, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌కీ టెస్ట్ రిపోర్ట్ కాపీ ఇవ్వాలి.

నా దగ్గర ORS5B019 బ్యాచ్ 4 పెట్టెలున్నాయి. బెజవాడ స్టాక్ స్క్రీన్ మీద ఇలా కనిపిస్తోంది: ORS4K052 (ఎక్స్‌పైరీ 11/2026) 22 పెట్టెలు, ORS5B018 (01/2028) 9 పెట్టెలు, ORS5B019 (01/2028) 6 పెట్టెలు. నాకు కావలసినవి 14. ఈసారి పొరపాటు జరగకూడదు. ఎలా రాయాలో చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

---

కృష్ణాతీరం_ట్రేడర్ · 6 మే, రాత్రి 10:15

మేడమ్, వాళ్ళు తక్కువ పంపితే మీరు డెబిట్ నోట్ వేయండి. బిల్లు మొత్తానికి డబ్బు కట్టకండి. నేనైతే రెండుసార్లు ఇలా చేస్తే ఆ పార్టీనే మార్చేస్తాను.

---

ఏటుకూరురోడ్_స్టోర్స్ · 6 మే, రాత్రి 10:22

అన్నయ్యా, అది వేరే పార్టీ కాదు. రెండు గోడౌన్లూ మా ఓనర్‌వే, జీఎస్టీ నంబరూ ఒకటే. ఇందులో కొనడం, అమ్మడం లేదు. మా సరుకే ఒక చోటి నుంచి ఇంకో చోటికి వస్తుంది.

---

గొల్లపూడి_డిస్పాచ్ · 7 మే, ఉదయం 6:50

అమ్మా, నేను ఇరవై రెండేళ్ళు పంపించే వైపే పనిచేశాను. మీ మెసేజ్ చూస్తే అక్కడి కుర్రాడి తప్పు నాకేమీ కనపడలేదు. "10" పక్కన ఏమీ లేకపోతే చేతికి దగ్గరగా ఉన్నదే తీస్తాడు. అది బాక్సే అవుతుంది.

సంఖ్యను మూడు రకాలుగా రాయండి: 14 పెట్టెలు, అంటే 560 బాక్సులు, అంటే 14,000 ప్యాకెట్లు. కంపెనీ ఒక్కోసారి పెట్టెలో బాక్సుల లెక్క మార్చేస్తుంది. 40 ఉండేది 36 అయిందనుకోండి, "14 పెట్టెలు" అన్న మాట నిజంగానే ఉంటుంది, మీ సరుకు మాత్రం తగ్గిపోతుంది. మూడూ రాస్తే ఎక్కడో ఒక చోట లెక్క కుదరక, తీసేవాడు ఆగి మిమ్మల్ని అడుగుతాడు. మనకి కావలసింది అతను అలా ఆగడమే.

రెండోది, స్క్రీన్ మీద కనపడే స్టాక్ వేరు, ఇవ్వగలిగిన స్టాక్ వేరు. ORS5B019 ఆరు ఉన్నాయన్నారు. వాటిలో ఎవరికైనా బిల్లు అయిపోయి ఇంకా బండెక్కనివి ఉండొచ్చు, తడిసి పక్కన పెట్టినవి ఉండొచ్చు. ఇండెంట్ పెట్టే ముందు ఫోన్ చేసి, "ర్యాక్ దగ్గరికి వెళ్ళి చూసి చెప్పు" అని అడగండి. సిస్టమ్ చూసి చెప్పే జవాబు మనకి వద్దు.

తేదీ సంగతి మధ్యాహ్నం రాస్తాను, బండి లోడింగ్‌లో ఉంది.

---

ఆటోనగర్_రవాణా · 7 మే, ఉదయం 9:05

బెజవాడ నుంచి గుంటూరు ఎంత, 35 కిలోమీటర్లు. 50 కిలోమీటర్ల లోపు ఈ-వే బిల్ అక్కర్లేదు. పైగా సొంత సరుకు. కాగితం మీద రాసిచ్చి ట్రాలీ ఆటోలో వేసేయండి, గంటన్నరలో దిగిపోతుంది.

---

లెక్కల_మాస్టారు · 7 మే, ఉదయం 10:30

రవాణా గారూ, ఆ 50 కిలోమీటర్ల మాట ఉన్నమాటే, కానీ అది వేరే సందర్భానికి. మన షాపు నుంచి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దాకా, రాష్ట్రం లోపల, 50 కిలోమీటర్ల లోపు సరుకు వెళ్తే బండి వివరాలు నింపే రెండో భాగం అక్కర్లేదు. అంతే. బిల్లే అక్కర్లేదని కాదు. నేరుగా గోడౌన్ నుంచి గోడౌన్‌కి వెళ్ళే సరుకుకి ఆ వెసులుబాటు వర్తించదు.

మేడమ్ సరుకు విలువ ఎంతో తెలియదు కానీ, 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్ తీయాల్సిందే. సొంత సరుకైనా, అమ్మకం కాకపోయినా అంతే. ఒకే జీఎస్టీ నంబరు కాబట్టి టాక్స్ ఇన్‌వాయిస్ రాదు, డెలివరీ చలాన్ మీద వెళ్తుంది. చలాన్ మూడు కాపీలు: అసలుది సరుకు అందుకునేవారికి, రెండోది బండితో, మూడోది పంపినవారి దగ్గర. గుంటూరు గోడౌన్ అడ్రస్ జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అదనపు వ్యాపార స్థలంగా చేరి ఉండాలి. మందులు కాబట్టి గుంటూరు గోడౌన్‌కి హోల్‌సేల్ డ్రగ్ లైసెన్స్ కూడా విడిగా ఉండాలి. బెజవాడ లైసెన్స్ గుంటూరుకి పనికిరాదు.

---

ఆటోనగర్_రవాణా · 7 మే, ఉదయం 10:48

సరే మాస్టారూ, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు దాకానే అన్న సంగతి నాకు తెలియదు. మా డ్రైవర్లందరూ 50 అనే చెబుతారు.

---

ఏటుకూరురోడ్_స్టోర్స్ · 7 మే, మధ్యాహ్నం 12:10

రెండు గోడౌన్లకీ లైసెన్సులున్నాయి, రిజిస్ట్రేషన్‌లో అడ్రస్ ఉంది. సరుకు విలువ సుమారు 1,40,000. ఈ-వే బిల్ బెజవాడవాళ్ళే తీస్తారు.

డిస్పాచ్ గారు చెప్పినట్టు ఫోన్ చేశాను. ORS5B019 ఆరో పెట్టె కింద రెండు బాక్సులు తడిసి, పెట్టె మొత్తాన్ని పక్కన పెట్టారట. స్క్రీన్ మీద మాత్రం ఆరే చూపిస్తోంది. కాబట్టి ఇవ్వగలిగింది 5. నా 4 కలిపితే 9. ORS5B018 ఒక 9. మొత్తం 18. సరిగ్గా సరిపోయింది.

---

బెజవాడ_పికర్ · 7 మే, మధ్యాహ్నం 1:25

నేను పంపించే గోడౌన్‌లోనే పనిచేస్తాను (మీ కంపెనీ కాదు). అక్కా, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇండెంట్‌లో బ్యాచ్ మీరే రాసి పంపడం నాకు నచ్చదు. మా దగ్గర నియమం ఏమిటంటే, ఎక్స్‌పైరీ దగ్గరపడింది ముందు బయటికి వెళ్ళాలి. మీ లెక్కలోనే చూడండి, ORS4K052 ఇరవై రెండు పెట్టెలున్నాయి, నవంబరులో అయిపోతాయి. ప్రతి బ్రాంచీ 2028 బ్యాచే కావాలంటే ఆ 22 ఎవరు తీసుకుంటారు? చివరికి మేం పారబోస్తాం, తిట్లు మాకే పడతాయి. ఎన్ని కావాలో రాయండి, బ్యాచ్ మాకు వదిలేయండి.

---

విత్తనాల_షాపు_కొత్తపేట · 7 మే, మధ్యాహ్నం 2:00

నాది మందుల వ్యాపారం కాదు, మిర్చి విత్తనాలు. అయినా పికర్ తమ్ముడికి నా సంగతి చెప్పాలి.

మూడేళ్ళ కిందట మా రెండో షాపు నుంచి 300 ప్యాకెట్లు అడిగాను. లాట్ నంబరు రాయలేదు. రెండు లాట్లు కలిపి పంపారు. నేనూ చూసుకోలేదు, ఒకే ఎంట్రీలో ఎక్కించేశాను. నారుమడి దశలో నలుగురు రైతులు వచ్చి మొలక సరిగా రాలేదన్నారు. కంపెనీవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "ఏ లాట్?" నా పుస్తకంలో ఒకటే లాట్ ఉంది. రైతుల దగ్గరున్న ఖాళీ ప్యాకెట్ల మీద ఇంకొకటి ఉంది. ఇద్దరి దగ్గర ప్యాకెట్లే లేవు. రెండో లాట్ ఇంకా ఎంతమందికి వెళ్ళిందో, ఎవరిని వేయొద్దని ఆపాలో తెలియక ఊళ్ళు తిరిగాను.

ఎవరు ఎంచినా పరవాలేదు కానీ, వచ్చిన బ్యాచ్ ఏదో రెండు వైపులా ఒకేలా రాసి ఉండాలి.

---

గొల్లపూడి_డిస్పాచ్ · 7 మే, సాయంత్రం 4:30

పికర్ బాబూ, నీ బాధ నాకు తెలుసు. మామూలు రోజుల్లో నీ మాటే కరెక్టు. కానీ ఈ అమ్మాయి కొత్త సరుకు మోజుతో అడగడం లేదు. నవంబరు బ్యాచ్‌కి మేలో ఆరు నెలలే ఉంది, ఆ ఆసుపత్రి గేటు దాటనివ్వదు. నువ్వు నియమం ప్రకారం అది పంపితే మళ్ళీ నీ దగ్గరికే తిరిగొస్తుంది, రెండు బండి కిరాయిలు దండగ.

అందుకే నేను చెప్పేదేమిటంటే, బ్యాచ్ నంబరుతో పాటు ఆ బ్యాచ్ ఎందుకు కావాలో కూడా రాయాలి. "14వ తేదీకి 12 నెలల ఎక్స్‌పైరీ ఉండాలి, మొత్తం రెండు బ్యాచ్‌లకి మించకూడదు" అని ఒక్క వాక్యం. ఇండెంట్ వెళ్ళాక బండి ఎక్కేలోపు ORS5B018లో రెండు పెట్టెలు ఎవరికో అమ్ముడుపోయాయనుకో. కారణం తెలియని పికర్ ఖాళీ నింపడానికి వేరే బ్యాచ్ వేస్తాడు. కారణం తెలిసినవాడు మూడో బ్యాచ్ వేస్తే పనికిరాదని గ్రహించి ఫోన్ చేస్తాడు. "వేరే బ్యాచ్ వేయవద్దు, తక్కువైతే ఫోన్ చేయండి" అని కూడా రాసేయండి.

ఇక తేదీ. "14కి కావాలి" అని రాస్తే వాళ్ళు 14న పంపుతారు. మీ పోయిన నెల శుక్రవారం అదే. పంపే తేదీ, చేరే తేదీ ఒకటి కాదని రెండు వైపులా తెలిసేలా రాయాలి. వెనక నుంచి లెక్కపెట్టుకుందాం. గురువారం ఉదయం ఆసుపత్రికి వెళ్ళాలంటే బుధవారం సాయంత్రానికి మీ బండి లోడ్ అయి ఉండాలి. 14 పెట్టెలు దించి, బ్యాచ్ చూసి, ఎంట్రీ వేయడానికి ఒక పూట. తేడా వస్తే సరిచేసుకోవడానికి ఒక రోజు చేతిలో ఉండాలి. అంటే మీ గేటు దగ్గరికి 12వ తేదీ మంగళవారం మధ్యాహ్నం 12 లోపు రావాలి. ఆదివారం 10న వాళ్ళకి సెలవైతే, సరుకు తీయడం సోమవారం 11న. కాబట్టి ఇండెంట్ 8న, శుక్రవారం వెళ్ళిపోవాలి.

సోమవారం సాయంత్రం లోడ్ చేసి రాత్రంతా బండిలో ఉంచనివ్వకండి. మే నెల ఎండకి కాగిన రేకు బండి, ఓఆర్‌ఎస్ పొడి గడ్డకడుతుంది. మంగళవారం ఉదయం లోడ్ చేసి అప్పుడే బయలుదేరమనండి.

---

ఏటుకూరురోడ్_స్టోర్స్ · 8 మే, ఉదయం 8:15

ఇదిగో నేను రాసింది. పంపే ముందు ఒకసారి చూడండి.

"గొల్లపూడి గోడౌన్ నుంచి ఏటుకూరు రోడ్ గోడౌన్‌కి స్టాక్ బదిలీ. సరుకు: ఓఆర్‌ఎస్ 1 లీటరు ప్యాకెట్.
బ్యాచ్ ORS5B018, ఎక్స్‌పైరీ 01/2028: 9 పెట్టెలు (360 బాక్సులు, 9,000 ప్యాకెట్లు).
బ్యాచ్ ORS5B019, ఎక్స్‌పైరీ 01/2028: 5 పెట్టెలు (200 బాక్సులు, 5,000 ప్యాకెట్లు).
మొత్తం 14 పెట్టెలు (560 బాక్సులు, 14,000 ప్యాకెట్లు).
గుంటూరు గేటుకి చేరాల్సిన సమయం: 12 మే 2026, మంగళవారం, మధ్యాహ్నం 12 లోపు. దించుకునేది సాయంత్రం 4 వరకే.
కారణం: 14న ఆసుపత్రి సరఫరా. ఆ రోజుకి కనీసం 12 నెలల ఎక్స్‌పైరీ ఉండాలి, మొత్తం రెండు బ్యాచ్‌లే ఉండాలి. వేరే బ్యాచ్ వేయవద్దు. తక్కువైతే లోడ్ చేయకముందే ఫోన్ చేయండి. రెండు బ్యాచ్‌ల టెస్ట్ రిపోర్టులు బండితో పంపండి."

---

బెజవాడ_పికర్ · 8 మే, ఉదయం 8:40

అక్కా, ఇలా రాస్తే నాకే అభ్యంతరం లేదు. కారణం రాశారు కాబట్టి. ఒకటి చూడండి, 5B018లో B, 8 దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇంక్‌జెట్ ప్రింట్ చెదిరితే B కూడా 8 లాగే కనపడుతుంది. నంబరు ఫోన్‌లో చెప్పకండి, రాసే పంపండి. మేం తీసేటప్పుడు పెట్టె మీది స్టిక్కర్ ఫొటో పెట్టమని కూడా అడగండి.

అయినా ఆ 22 పెట్టెల సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు.

---

లెక్కల_మాస్టారు · 8 మే, ఉదయం 9:30

బాగుంది. మీరు ట్యాలీ వాడుతుంటే ఇంకొకటి చేయండి. చాలామంది Alt+F7 నొక్కి స్టాక్ జర్నల్ తెరిచి, బెజవాడలో తగ్గించి గుంటూరులో పెంచి, ఒకే ఎంట్రీతో అయిందనిపిస్తారు. అప్పుడు బండి కాజ టోల్ గేటు దగ్గర ఉండగానే మీ పుస్తకంలో సరుకు వచ్చేసినట్టు ఉంటుంది. మీ సేల్స్ కుర్రాడు దాన్ని అమ్మేస్తాడు కూడా.

"దారిలో" అని ఒక గోడౌన్ సృష్టించండి. బెజవాడవాళ్ళు బండెక్కించినప్పుడు బెజవాడ నుంచి దారిలోకి ఒక ఎంట్రీ వేస్తారు. మీరు దించుకుని, కళ్ళతో చూసినంతవరకే దారిలో నుంచి గుంటూరుకి ఇంకో ఎంట్రీ వేయండి. రెండిటిలోనూ బ్యాచ్ నంబరు నింపండి. "దారిలో" సున్నా కాలేదంటే, ఏదో తేలలేదని నెలాఖరులో నాలాంటివాడికి తెలుస్తుంది.

---

ఏటుకూరురోడ్_స్టోర్స్ · 12 మే, మధ్యాహ్నం 3:20

బండి ఉదయం 11:10కి వచ్చింది. చలాన్, ఈ-వే బిల్, రెండు టెస్ట్ రిపోర్టులు, అన్నీ ఉన్నాయి. 14 పెట్టెలు. స్టిక్కర్లు కూడా ఇండెంట్‌తో సరిపోయాయి. చాలా సంతోషించాను.

విత్తనాల అన్నయ్య మాట గుర్తొచ్చి ప్రతి పెట్టె మూత ఎత్తి లోపలి బాక్సు చూశాను. పదమూడు బాగున్నాయి. ఒక పెట్టె బయట ORS5B018 స్టిక్కర్ ఉంది, దానికి వేసిన టేపు మాత్రం వేరేగా ఉంది. మిగతావాటికి కంపెనీ పేరున్న టేపు, దీనికి మామూలు గోధుమరంగు టేపు. లోపల బాక్సులన్నిటి మీదా ORS4K052, ఎక్స్‌పైరీ 11/2026. ఎవరో ఖాళీ అయిన 5B018 పెట్టెలో పాత బ్యాచ్ సర్ది ఉంచినట్టున్నారు. ఇండెంట్, చలాన్, స్టిక్కర్ మూడూ ఒకటే చెబుతున్నాయి, లోపలున్నది వేరే.

ఇప్పుడు ఏం చేయాలి? చలాన్‌లో ఉన్నట్టు 9 ఎక్కించి, తర్వాత సరిచేసుకోనా?

---

లెక్కల_మాస్టారు · 12 మే, మధ్యాహ్నం 3:35

వద్దు, వద్దు. 5B018 ఎనిమిదే ఎక్కించండి. చలాన్ మీ కాపీ మీద "1 పెట్టె లోపల ORS4K052, తీసుకోలేదు" అని రాసి, డ్రైవర్ ఇంకా ఉంటే సంతకం తీసుకోండి, ఫొటో తీయండి. ఆ పెట్టెను విడిగా పెట్టి కట్టేయండి. తొమ్మిదో పెట్టె "దారిలో" ఉండిపోనివ్వండి.

---

గొల్లపూడి_డిస్పాచ్ · 12 మే, సాయంత్రం 5:10

అమ్మా, మీకింకా రేపు ఒక రోజు ఉంది. ఆ తడిసిన పెట్టె గుర్తుందా? 5B019 ఆరోది. రెండు బాక్సులే కదా తడిసింది. మిగతా 38 విప్పి చూడమనండి. పొడి ఉండ కట్టకుండా, సీలు బాగుంటే అవి మంచి సరుకే. ఒక చెమ్మ మరక కనపడినా ఆ బాక్సు పక్కన పెట్టేయమనండి, ఆసుపత్రికి వెళ్ళేది.

---

ఏటుకూరురోడ్_స్టోర్స్ · 14 మే, సాయంత్రం 6:00

38 బాక్సులు నిన్న మధ్యాహ్నం వచ్చాయి. విలువ 50,000 లోపే కాబట్టి ఈ-వే బిల్ లేకుండా, చలాన్‌తో వచ్చాయి. ఈ ఉదయం ఆసుపత్రికి 17 పెట్టెలు, 38 బాక్సులు ఇచ్చాం. 18,000కి 17,950. స్టోర్స్ ఆయన రెండు బాక్సుల తేడా చలాన్ మీద రాసుకుని తీసుకున్నారు. బ్యాచ్‌లు రెండే, రిపోర్టులు రెండే.

అందరికీ నిజంగా రుణపడి ఉంటాను.

కానీ ఒకటి తేలలేదు. మా పుస్తకం ప్రకారం ORS5B018 తొమ్మిది పెట్టెలుండాలి. నాకు వచ్చింది ఎనిమిది. బెజవాడలో ర్యాకులన్నీ వెతికారు, తొమ్మిదోది లేదు. 4K052 లెక్కపెడితే, నా దగ్గర కట్టి పెట్టిన పెట్టెతో కలిపి 22 ఉండాల్సింది 23 ఉన్నాయి.

---

విత్తనాల_షాపు_కొత్తపేట · 14 మే, రాత్రి 7:30

అయితే ఒక 5B018 పెట్టె 4K052 అని బిల్లై ఎవరికో వెళ్ళిపోయింది. రేపు ఏ బ్యాచైనా వెనక్కి రప్పించాలని కంపెనీ చెబితే మీరు వెళ్ళే అడ్రస్ తప్పవుతుంది. వదిలేయకండమ్మా.

---

బెజవాడ_పికర్ · 14 మే, రాత్రి 8:05

సర్దడంలో కూడా మారి ఉండొచ్చు కదా, బిల్లులోనే మారిందని ఎలా చెప్పగలం? కొన్నప్పుడే కంపెనీ నుంచి ఎనిమిది వచ్చి, తొమ్మిది ఎక్కించి ఉండొచ్చు. మా దగ్గర ఒకసారి అలాగే జరిగింది.

---

గొల్లపూడి_డిస్పాచ్ · 14 మే, రాత్రి 9:15

రెండూ జరగొచ్చు. ముందు కొనుగోలు బిల్లు తీసి, 5B018 ఎన్ని పెట్టెలు వచ్చాయో, 4K052 ఎన్ని వచ్చాయో చూడమనండి. అక్కడ సరిపోతే, 4K052 పెట్టెకి పెట్టెగా వెళ్ళిన చివరి మూడు బిల్లుల పార్టీలకి ఫోన్ చేసి, పెట్టెలోని బాక్సు ఫొటో అడగండి. విడి బాక్సులుగా అమ్మినవి తర్వాత చూడొచ్చు. మామూలు టేపు వేసిన పెట్టెలు ఇంకెన్ని ఉన్నాయో బెజవాడలో ఇప్పుడే విప్పి చూడమనండి, అది రేపటికి ఆపకండి.

---

ఏటుకూరురోడ్_స్టోర్స్ · 14 మే, రాత్రి 9:40

ఫోన్ చేశాను. మామూలు టేపువి ఇంకో రెండు కనపడ్డాయట. విప్పుతున్నారు.